చీర అమ్మింది 1,050కి, ఖాతాలో పడింది 789

ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లలో సరుకు అమ్మే చిన్న వ్యాపారుల్లో సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌ను పూర్తిగా చదివేవాళ్లు తక్కువ. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది. పోయిన వారం కన్నా ఎక్కువ పడిందా, తక్కువ పడిందా అని చూసుకుంటారు, అంతటితో సరి. స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసినవాళ్లు కూడా ఆ పదుల కొద్దీ కాలమ్‌లనూ మైనస్ గుర్తులనూ చూసి, దాన్ని అలాగే ఆడిటర్‌కు పంపించేస్తారు. ఆడిటర్ చూసేది పన్నుల వరకే. చీర మీద ఏమైనా మిగిలిందా, చేతి డబ్బు పోయిందా అన్నది ఆయన తేల్చే విషయం కాదు. అది వ్యాపారే తేల్చుకోవాలి, అందుకు కావలసిన అంకెలన్నీ ఆ స్టేట్‌మెంట్‌లోనే ఉంటాయి.

వాటిని అర్థం చేసుకోవడానికి వంద ఆర్డర్లు అక్కర్లేదు, ఒక్క చీర చాలు. మంగళగిరిలో ఉండి కాటన్ చీరలు అమ్మే ఒక వ్యాపారిని ఊహించుకుందాం. చీర ధర జీఎస్టీతో కలిపి 1,050 రూపాయలు. చీరల మీద జీఎస్టీ 5 శాతం కాబట్టి, ఇందులో సరుకు విలువ 1,000, పన్ను 50. బెంగళూరు నుంచి ఒకావిడ ఆర్డర్ పెట్టింది, చీర చేరింది, కొన్ని రోజులకు డబ్బు ఖాతాలో పడింది. పడింది 789 రూపాయల 12 పైసలు. తగ్గిన 260 రూపాయల 88 పైసలు ఎటు వెళ్లాయన్నదే ఇక్కడ ప్రశ్న. కింద చెప్పే కమిషన్, రవాణా రేట్లు లెక్క కోసం తీసుకున్నవి. అవి సరుకును బట్టి, ధరను బట్టి, సంస్థను బట్టి మారుతుంటాయి. పన్ను రేట్లు మాత్రం అసలువే.

మొదటి కోత కమిషన్. 12 శాతం అనుకుంటే 126 రూపాయలు. చాలామంది గమనించని సంగతి ఏమిటంటే, కమిషన్‌ను సాధారణంగా కొనుగోలుదారు చెల్లించిన మొత్తం ధర మీద, అంటే జీఎస్టీ కూడా కలిసిన 1,050 మీద లెక్కగడతారు. మీరు ప్రభుత్వానికి కట్టాల్సిన 50 రూపాయల మీద కూడా కమిషన్ పడుతోందన్నమాట. దీన్ని అమెజాన్ రిఫరల్ ఫీజు అంటుంది, ఫ్లిప్‌కార్ట్ కమిషన్ ఫీజు అంటుంది. దాని పక్కనే ప్రతి ఆర్డర్‌కూ ఇంత అని తీసుకునే ఫీజు ఒకటి ఉంటుంది. ఒకచోట దాని పేరు క్లోజింగ్ ఫీజు, మరోచోట ఫిక్స్‌డ్ ఫీజు. మన లెక్కలో అది 25 రూపాయలు. మూడోది రవాణా, 65 రూపాయలు. మూడూ కలిపితే 216. ఇవి సంస్థ మీకు చేసిన సేవకు తీసుకున్న రుసుములు కాబట్టి వీటి మీద 18 శాతం జీఎస్టీ, 38 రూపాయల 88 పైసలు. ఆ పైన టీసీఎస్ 5 రూపాయలు, టీడీఎస్ 1 రూపాయి. అన్నీ తీసేస్తే మిగిలేది 789 రూపాయల 12 పైసలు. లెక్క సరిపోయింది.

కమిషన్ లేదని చెప్పే సంస్థలోనైనా, కొంత ధర లోపు సరుకుకు కమిషన్ మినహాయించినా చూడాల్సింది ఈ 216 దగ్గరే. ఒక కాలమ్‌లో సున్నా ఉన్నంత మాత్రాన మిగతా కాలమ్‌లు సున్నా అయిపోవు. పోల్చాల్సింది కమిషన్ శాతాలను కాదు, మొత్తం రుసుములను.

అయితే ఈ 789 మీ సంపాదన కాదు. తగ్గిన 260లో ప్రతి రూపాయీ ఖర్చు కూడా కాదు. టీసీఎస్, టీడీఎస్ 6 రూపాయలు మీ పేరున ప్రభుత్వం దగ్గర జమ అయ్యాయి, తిరిగి వాడుకోవచ్చు. రుసుముల మీద కట్టిన 38 రూపాయల 88 పైసల జీఎస్టీని, మీరు మామూలు పద్ధతిలో జీఎస్టీ కట్టేవారైతే, ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. మరోవైపు, ఖాతాలో పడిన డబ్బులో కొనుగోలుదారు ఇచ్చిన 50 రూపాయల జీఎస్టీ కూడా ఉంది, అది మీది కాదు. 789.12కి 6, 38.88 కలిపి 50 తీసేస్తే 784 వస్తుంది. అంటే సరుకు విలువ 1,000లోంచి 216 రుసుములు పోగా మిగిలింది. ఆ చీర మీద మీకు దక్కింది ఇదే. నేత చీరకు మీరు పెట్టిన అసలు 650, కవరు, లేబుల్ ఖర్చు 14 అనుకుంటే, లాభం 120. ఈ 120ని గుర్తుపెట్టుకోండి. ఇక ముందు చెప్పేదంతా దాన్ని తినేసే వాటి గురించే.

కవరులో గాలికి కట్టే డబ్బు

నెల తిరిగాక స్టేట్‌మెంట్‌లో అదే ఆర్డర్ నంబర్ మీద ఇంకో వరస కనబడుతుంది. అమ్మకం ఏమీ ఉండదు, మైనస్ 41 రూపాయల 30 పైసలు మాత్రం ఉంటుంది. పక్కన రవాణా రుసుము సర్దుబాటు అనో, బరువులో తేడా అనో రాసి ఉంటుంది. ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే కొరియర్ వాళ్లు బరువును ఎలా లెక్కిస్తారో తెలియాలి.

వాళ్లు రెండు బరువులు చూస్తారు. ఒకటి కాటా మీద తూగే బరువు. రెండోది పార్శిల్ ఆక్రమించే చోటును బట్టి లెక్కగట్టే వాల్యుమెట్రిక్ బరువు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, సాధారణంగా 5,000తో భాగిస్తారు, జవాబు కిలోల్లో వస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పైగా బరువును శ్లాబులుగా, చాలాచోట్ల అర కిలోకు ఒకటిగా లెక్కిస్తారు. శ్లాబు దాటి ఒక్క గ్రాము ఎక్కువైనా పై శ్లాబు మొత్తం పడుతుంది.

మన చీర కవరుతో సహా 450 గ్రాములు తూగుతుంది. చక్కగా మడిచి, కవరును గట్టిగా నొక్కి అంటిస్తే పార్శిల్ 32 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 3 ఎత్తు ఉంటుంది. గుణిస్తే 2,400, 5,000తో భాగిస్తే 0.48 కిలో. కాటా బరువూ ఈ బరువూ రెండూ అర కిలో లోపే కాబట్టి 65 రూపాయల శ్లాబు. అదే చీరను, అదే కవరులో, లోపలి గాలి తీయకుండా అంటించారనుకోండి. కవరు ఉబ్బి ఎత్తు 6 సెంటీమీటర్లు అవుతుంది. ఇప్పుడు 4,800ను 5,000తో భాగిస్తే 0.96 కిలో. కొరియర్ హబ్‌లో బెల్టు మీద పార్శిల్ కదులుతుండగానే కొలిచే యంత్రానికి లోపలున్నది చీరా గాలా అని తెలియదు. కిలో శ్లాబు కింద పడుతుంది. అదనపు అర కిలోకు 35 రూపాయలు, దాని మీద జీఎస్టీ 6 రూపాయల 30 పైసలు, వెరసి 41.30. జీఎస్టీ క్రెడిట్‌గా వచ్చినా 35 రూపాయలు పోయినట్టే. మీ 120 లాభం 85కి పడిపోయింది. కవరు అంటించే ముందు అరచేత్తో ఒత్తి గాలి తీయడం విలువ చీరకు 35 రూపాయలు!

చీరను అట్టపెట్టెలో పెట్టి పంపితే కొనేవారికి ముచ్చటగా ఉంటుందనుకునేవాళ్లు ఈ లెక్క చూడాలి. 35, 25, 6 సెంటీమీటర్ల పెట్టె 1.05 కిలోలకు లెక్క తేలుతుంది, ఒకటిన్నర కిలో శ్లాబు పడుతుంది. అదే పెట్టె ఎత్తు ఒక్క సెంటీమీటరు తగ్గిస్తే 0.875, కిలో శ్లాబులోనే ఉంటుంది. పెట్టెలు ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఈ గుణకారం చేసుకోవాలి. కొన్నాక చేసేదేమీ లేదు.

తేడా మీ ప్యాకింగ్‌లో ఉందా, వాళ్ల కొలతలో ఉందా అని స్టేట్‌మెంట్‌లోనే పట్టుకోవచ్చు. ఎక్సెల్‌లో ఒకే రకం చీర ఆర్డర్లన్నీ వడకట్టి, రవాణా రుసుము కాలమ్ చూడండి. ఊళ్లో, రాష్ట్రంలో, దేశమంతటా అంటూ దూరాన్ని బట్టి రేటు మారుతుంది కాబట్టి ఒకే జోన్ ఆర్డర్లను ఒకదానితో ఒకటి పోల్చాలి. మంగళగిరి నుంచి విజయవాడకు పడిన దాన్ని గువాహటికి పడిన దాంతో పోలిస్తే అర్థం లేదు. ఒకే జోన్‌లో ప్రతి ఆర్డర్‌కూ 100 పడుతుంటే తప్పు మీ దగ్గరే ఉంది. మీరు లిస్టింగ్‌లో రాసిన కొలతలో, కవరు సైజులో తేడా వచ్చి ఉంటుంది. ఇరవై ఆర్డర్లకు 65 పడి మూడింటికి మాత్రం 100 పడితే, ఆ మూడింటి మీద అభ్యంతరం పెట్టాలి. అభ్యంతరానికి ఫోటోలు కావాలి. కాటా మీద పార్శిల్ పెట్టినప్పుడు బరువు అంకె, పార్శిల్ మీది షిప్పింగ్ లేబుల్ నంబరు రెండూ ఒకే ఫోటోలో కనబడాలి. టేపు పెట్టి మూడు కొలతలూ తీసిన ఫోటోలు ఉండాలి. సర్దుబాటు వేశాక అభ్యంతరం చెప్పడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది, అందుకే నెలాఖరున చూసుకుందామనుకుంటే కుదరదు.

తిరిగొచ్చిన చీర

రిటర్న్‌ల దగ్గరే చాలామంది లెక్క తప్పుతారు. సరుకు తిరిగొచ్చింది, డబ్బు తిరిగిచ్చేశాం, సరికి సరి అనుకుంటారు. అంకెలు అలా చెప్పవు.

ముందు ఒక తేడా గుర్తించాలి. కొరియర్ బాయ్ వెళ్తే ఇంట్లో ఎవరూ లేక, లేదా క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్‌ను వద్దనడం వల్ల, పార్శిల్ విప్పకుండానే వెనక్కి వచ్చేది ఒక రకం. దాన్ని ఆర్‌టీఓ అంటారు. కొనుగోలుదారు అందుకుని, విప్పి చూసి, తిప్పి పంపేది రెండో రకం. ఆర్‌టీఓకు చాలా సంస్థలు తిరుగు రవాణా ఛార్జీ వేయవు, వేసినా తక్కువే. రెండో రకానికి పూర్తిగా పడుతుంది. స్టేట్‌మెంట్‌లో రిటర్న్ రకం అనే కాలమ్ విడిగా ఉంటుంది. ఆర్‌టీఓగా వచ్చిన పార్శిల్‌ను కస్టమర్ రిటర్న్‌గా వేసి ఛార్జీ కోశారేమో చూడాల్సింది అక్కడే.

మన బెంగళూరు చీర డబ్బు ఖాతాలో పడ్డాక తిరిగొచ్చిందనుకుందాం. ఆ తర్వాతి స్టేట్‌మెంట్‌లో 1,050 మొత్తం వెనక్కి తీసుకుంటారు. కమిషన్ 126, ఫిక్స్‌డ్ ఫీజు 25, వాటి మీద జీఎస్టీ 27.18 మీకు తిరిగి వేస్తారు. పన్నుల 6 రూపాయలూ సర్దుబాటు చేస్తారనుకుందాం. కానీ వెళ్లేటప్పుడు పడిన 65 రూపాయల రవాణా తిరిగి రాదు. పైగా వచ్చేటప్పటి రవాణా 90 అనుకుంటే, జీఎస్టీతో 106.20 పడుతుంది. మొత్తం కలిపితే మైనస్ 972 రూపాయల 2 పైసలు. ముందు వచ్చింది 789.12. రెండూ కలిపితే ఆ ఆర్డర్ మీద మీ ఖాతాలోంచి 182 రూపాయల 90 పైసలు పోయాయి. ఇందులో 27.90 జీఎస్టీ క్రెడిట్‌గా వస్తుంది. నికరంగా పోయింది 155, వెళ్లిన కవరు ఖర్చు 14 కలిపితే 169. కొన్ని సంస్థలు ఫిక్స్‌డ్ ఫీజును, కమిషన్‌లో కొంత భాగాన్ని కూడా ఉంచేసుకుంటాయి, అప్పుడు నష్టం ఇంకా పెరుగుతుంది.

అమ్మితే వచ్చే లాభం 120, తిరిగొస్తే పోయేది 169. పది చీరలు పంపితే మూడు తిరిగొచ్చాయనుకోండి. ఏడింటి మీద 840 వచ్చి, మూడింటి మీద 507 పోయి, చేతిలో మిగిలేది 333. పంపిన చీరకు 33 రూపాయలు. నాలుగు తిరిగొస్తే మిగిలేది 44 రూపాయలు, చీరకు నాలుగున్నర రూపాయలు కూడా కాదు. తిరిగొచ్చిన చీర మడత నలగలేదని, మళ్లీ అదే ధరకు అమ్ముడుపోతుందని అనుకుని వేసిన లెక్క ఇది. ఆ రంగు ఫోటోలో ఒకలా, చేతిలో ఇంకోలా ఉండి రిటర్న్‌లు వస్తుంటే, ఫోటో మార్చడం వల్ల మిగిలేది ఎంతో ఈ అంకెలే చెబుతాయి. ధర పది రూపాయలు పెంచాలా తగ్గించాలా అని ఆలోచించే ముందు ఏ చీరకు ఎన్ని రిటర్న్‌లు వస్తున్నాయో విడివిడిగా చూడటం మేలు.

రిటర్న్‌లో ఇంకో చిక్కు ఉంది. కొనుగోలుదారుకు డబ్బు తిరిగిచ్చే తేదీ, పార్శిల్ మీ గుమ్మానికి చేరే తేదీ ఒకటి కావు. కొరియర్ బాయ్ ఆమె ఇంటి దగ్గర పార్శిల్ తీసుకోగానే డబ్బు తిరిగి ఇచ్చేయవచ్చు, మీ ఖాతాలో కోత పడిపోవచ్చు. పార్శిల్ మాత్రం దారిలో ఉంటుంది. కొన్ని దారిలోనే ఉండిపోతాయి. అందుకని కోత పడిన ఆర్డర్ నంబర్లను ఒక పక్క, షాపుకు నిజంగా చేరిన పార్శిళ్ల నంబర్లను ఇంకో పక్క పెట్టుకుని వారానికోసారి టిక్ పెట్టాలి. డబ్బు పోయి నెల దాటినా సరుకు రాని ఆర్డర్ కనబడితే క్లెయిమ్ పెట్టాలి. వేరే చీర వచ్చినా, చిరిగి వచ్చినా అంతే. దానికి పార్శిల్ విప్పుతున్నప్పుడు లేబుల్ నంబరుతో మొదలుపెట్టి ఆపకుండా తీసిన వీడియో ఆధారం. క్లెయిమ్ ఒప్పుకుంటే ఆ డబ్బు ఇంకో తేదీ స్టేట్‌మెంట్‌లో ఇంకో వరసగా వస్తుంది.

ఇలా ఒక్క ఆర్డర్ తాలూకు అమ్మకం, బరువు సర్దుబాటు, రిటర్న్, క్లెయిమ్ నాలుగు వేర్వేరు స్టేట్‌మెంట్లలో పడతాయి. స్టేట్‌మెంట్ తేదీల వారీగా ఉంటుంది, లాభనష్టాలు మాత్రం ఆర్డర్ వారీగా ఉంటాయి. రెండు మూడు నెలల స్టేట్‌మెంట్లను ఒకే షీట్‌లో కిందకీ మీదకీ అతికించి, ఆర్డర్ ఐడీ మీద పివట్ టేబుల్ వేస్తే ఒక్కో ఆర్డర్ ఒక్క వరసగా తేలుతుంది. ఏ వరసలో మొత్తం మైనస్‌గా ఉందో, అది ఏ చీరో అప్పుడు కళ్లకు కనిపిస్తుంది.

పన్ను పేరిట ఆగిన డబ్బు

టీసీఎస్, టీడీఎస్ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఎక్కువ. అవి రెండు వేర్వేరు చట్టాలవి, తిరిగి వచ్చే దారులు కూడా వేరు.

టీసీఎస్ జీఎస్టీ చట్టం 52వ సెక్షన్ కిందిది. 2018 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. మొదట 1 శాతం ఉండేది, 2024 జులై 10 నుంచి 0.5 శాతానికి తగ్గించారు. దీన్ని లెక్కించేది జీఎస్టీ కలపని విలువ మీద, అదీ ఆ నెలలో తిరిగొచ్చిన సరుకు విలువ తీసేశాక మిగిలిన దాని మీద. రాష్ట్రం లోపల అమ్మితే కేంద్రానికి 0.25, రాష్ట్రానికి 0.25గా, వేరే రాష్ట్రానికి పంపితే 0.5 ఐజీఎస్టీగా చూపిస్తారు. మన చీర బెంగళూరు వెళ్లింది కాబట్టి 5 రూపాయలూ ఐజీఎస్టీ కిందకు వస్తాయి.

టీడీఎస్ ఆదాయపు పన్నుకు సంబంధించినది. 1961 నాటి చట్టంలో 194-ఓ అనే సెక్షన్ చేర్చి 2020 అక్టోబరు 1 నుంచి మొదలుపెట్టారు. 1 శాతంగా ఉన్న రేటు 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం అయింది. ఇది కమిషన్, రవాణా కోయక ముందున్న అమ్మకం విలువ మీద పడుతుంది, మీ ఖాతాలో పడిన డబ్బు మీద కాదు. సొంత పేరున వ్యాపారం చేస్తూ, ఆ సంస్థ ద్వారా ఏడాది అమ్మకాలు 5 లక్షలు దాటనివారు పాన్ గానీ ఆధార్ గానీ ఇచ్చి ఉంటే వాళ్ల దగ్గర కోయరు. అవి ఇవ్వకపోతే 0.1 కాదు, 5 శాతం కోస్తారు. కొత్తగా అమ్మకాలు మొదలుపెట్టినవారి స్టేట్‌మెంట్‌లో టీడీఎస్ అంకె వింతగా పెద్దదిగా ఉంటే ముందు చూడాల్సింది పాన్ వివరాలనే.

టీడీఎస్ తిరిగి రావడం తేలిక. ఆదాయపు పన్ను రిటర్ను వేసినప్పుడు సర్దుకుంటుంది. టీసీఎస్ అలా దానంతట అదే రాదు. మార్కెట్‌ప్లేస్ సంస్థ తర్వాతి నెల 10వ తేదీలోగా జీఎస్‌టీఆర్-8 దాఖలు చేస్తుంది. ఆ వివరాలు జీఎస్టీ పోర్టల్‌లో మీ లాగిన్‌లోకి వస్తాయి. రిటర్న్స్ డ్యాష్‌బోర్డ్‌లో ఆ నెల ఎంచుకుని `TDS and TCS Credit Received` అనే గడి తెరిచి, ఒక్కో వరసను చూసి `Accept` నొక్కి, ఓటీపీతో దాఖలు చేయాలి. అప్పుడే ఆ డబ్బు మీ ఎలక్ట్రానిక్ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. ఇది నగదుతో సమానం, దాంతో జీఎస్టీ కట్టవచ్చు, మిగిలితే వాపసు కోరవచ్చు. ఆ గడి తెరవకపోతే డబ్బు అక్కడే పడి ఉంటుంది. ఒక చీరకు 5 రూపాయలే కావచ్చు. నెలకు 4 లక్షల అమ్మకానికి 2,000 అవుతుంది, ఏడాదికి 24,000. లాభం శాతం ఇంత సన్నగా ఉండే వ్యాపారంలో అది చిన్న మొత్తం కాదు.

ఇంకొక పొరపాటు దీనికన్నా ప్రమాదకరం. బ్యాంకులో పడిన 789నే అమ్మకంగా భావించి జీఎస్‌టీఆర్-1 వేసేవాళ్లు ఉన్నారు. మీ అమ్మకం 1,000, దాని మీద పన్ను 50. మార్కెట్‌ప్లేస్ సంస్థ తన జీఎస్‌టీఆర్-8లో ప్రభుత్వానికి చూపించేది కూడా ఆ 1,000నే. రెండు అంకెలూ కలవకపోతే నోటీసు మీకే వస్తుంది. కమిషన్, రవాణా ఖర్చులను విడిగా చూపాలి. వాటి మీద జీఎస్టీ క్రెడిట్ తీసుకోవాలంటే సంస్థ ఇచ్చే ఇన్‌వాయిస్ మీద మీ జీఎస్టీ నంబరు ఉండాలి, ఆ అంకె జీఎస్‌టీఆర్-2బీలో కనబడాలి. రిటర్న్‌ల వల్ల సంస్థ రుసుములు తిరిగి వేసినప్పుడు క్రెడిట్ నోటు ఇస్తుంది, అంత మేర మీరు తీసుకున్న క్రెడిట్ తగ్గించుకోవాలి.

2023 అక్టోబరు 1 నుంచి కాంపొజిషన్ పథకంలో ఉన్నవారు, పరిమితి లోపు టర్నోవరుతో జీఎస్టీ నమోదు లేనివారు కూడా తమ రాష్ట్రం లోపల సరుకు అమ్ముకోవచ్చు. వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. రుసుముల మీద పడే 18 శాతం వాళ్లకు తిరిగిరాని ఖర్చు. మన ఉదాహరణలో 216 కాస్తా దాదాపు 255 అవుతుంది. ధర పెట్టేటప్పుడు ఆ తేడా కలుపుకోవాలి.

ఈ నెల స్టేట్‌మెంట్ రాగానే ఎక్కువగా అమ్ముడుపోయే ఒక్క వస్తువును తీసుకుని, ఒక్క ఆర్డర్ నంబరు మీద ఉన్న వరసలన్నీ ఏరి, పైన చేసినట్టు కాగితం మీద లెక్క వేయండి. జీఎస్టీ పోర్టల్‌లో ఆ గడి తెరిచి, గత నెలలవి ఏవైనా `Accept` చేయకుండా ఆగిపోయాయేమో చూడండి. ఈ పని ఆడిటర్‌కు వదిలేసి ఉంటే, చేశారో లేదో ఈ రోజే ఫోన్ చేసి అడగండి.